నొక్కితే తెరుచుకుంటుంది.. నిండుతుందా?

రాంనగర్ నుంచి అశోక్‌నగర్ మీదుగా చిక్కడపల్లి దాకా నడిస్తే ఖాళీ గోడ కనిపించడం అరుదు. గ్రూప్స్ కోచింగ్, హాస్టల్, మెస్, స్టడీ హాల్.. ఒకదాని మీద ఒకటి అతికించిన కాగితాలే. ఇప్పుడా కాగితాల మూలల్లో నల్లచుక్కల చదరాలు చేరాయి. రాంనగర్ చేపల మార్కెట్ దగ్గర ఒక సెల్ షాపు గోడ మీద అలాంటి చదరం ఉందనుకుందాం. పైన ‘నంబరు మారకుండా కంపెనీ మారండి, స్కాన్ చేయండి’ అని ఉంటుంది. స్కాన్ చేయగానే ఫోన్‌లో మెసేజ్ పెట్టె తెరుచుకుంటుంది. పంపాల్సిన నంబరు 1900 పైన పడుతుంది. కింద PORT అన్న మాట కూడా ముందే పడాలి. ఒకరి ఫోన్‌లో పడుతుంది. పక్కవారి ఫోన్‌లో 1900 ఒక్కటే పడి, కింద ఖాళీగా ఉంటుంది. ఆ రెండో మనిషికి ఏం రాయాలో తెలియదు, కాగితం మీదా రాసి లేదు. ‘పనిచేయడం లేదు’ అని ఫోన్ జేబులో పెట్టుకుని వెళ్లిపోతాడు. ఇది షాపువాడి తప్పూ కాదు, ఫోన్ చెడిపోవడమూ కాదు. ఇలాంటి లింకులో నంబరు భాగం గట్టిది, మెసేజ్ భాగం మాత్రం ఫోన్ దయ మీద ఆధారపడింది. మెసేజ్ రాలిపోయినా పని ఆగకుండా ఉండేలా లింకు ఇవ్వాలన్నదే ఈ కథనం చెప్పదలచుకున్న మాట.

ఇంటర్నెట్‌లో వాడే పద్ధతులకు లిఖిత నియమాలుంటాయి. మెసేజ్ లింకులకు అలాంటి నియమం 2010 జనవరిలో వచ్చింది. దాని పేరు ఆర్‌ఎఫ్‌సీ 5724, రాసింది ఎరిక్ విల్డే, ఆంటీ వాహా-సిపిలా. నియమం చిన్నదే. ముందు sms అని, తర్వాత రెండు చుక్కలు, ఆ తర్వాత నంబరు, ఒక ప్రశ్నార్థకం, body అన్న మాట, చివర మెసేజ్. ఖాళీ స్థలాన్ని నేరుగా పెట్టకూడదు, దాని బదులు %20 అని రాయాలి. ఆ లెక్కన మన పోస్టర్ లింకు ఇలా ఉంటుంది.

```
sms:1900?body=PORT%20
```

అయితే ఈ నియమం పుట్టేసరికే ఐఫోన్లు జనం చేతుల్లో ఉన్నాయి. యాపిల్ తన డెవలపర్లకు ఇచ్చిన పత్రంలో ఈ లింకులో ఫోన్ నంబరు తప్ప మెసేజ్ గానీ మరో సమాచారం గానీ ఉండకూడదని స్పష్టంగా రాసింది. అంటే కాగితం మీద చూస్తే ఐఫోన్‌లో మెసేజ్ నింపే లింకు అన్నదే లేదు. ఆచరణలో మాత్రం ఉంది. డెవలపర్లు తంటాలు పడి కనిపెట్టిందేమిటంటే, ఐఓఎస్ 7 దాకా నంబరుకూ body మాటకూ మధ్య సెమీకోలన్ పెడితే మెసేజ్ నిండేది. 2014లో ఐఓఎస్ 8 వచ్చాక సెమీకోలన్ పనిచేయడం మానేసి, ఆంపర్సండ్ పనిచేయడం మొదలైంది. నియమంలో రాసిన ప్రశ్నార్థకాన్ని ఆండ్రాయిడ్ పాటించింది. ఒకే పనికి మూడు గుర్తులన్నమాట. ఒక కంపెనీ ‘ఇది ఉండకూడదు’ అని రాసిపెట్టిన దాన్ని, చాటుగా పనిచేస్తోంది కదా అని వాడుకుంటే, రేపు అది మారినప్పుడు అడగడానికి మనకు హక్కు ఉండదు. 2014లో జరిగింది అదే.

దీనికి డెవలపర్లు ఒక ఉపాయం కనిపెట్టారు. ప్రశ్నార్థకం, ఆంపర్సండ్ రెండూ పక్కపక్కన పెట్టేయడం.

```
sms:1900?&body=PORT%20
```

ఇది చాలా ఫోన్లలో పనిచేస్తుంది. ఎందుకు పనిచేస్తుందో చూస్తే ఎంత బలహీనమైన పునాది మీద నిలబడిందో తెలుస్తుంది. మామూలు వెబ్ చిరునామాలో రెండు చుక్కల తర్వాత రెండు ఏటవాలు గీతలుంటాయి. మెసేజ్ లింకులో ఆ గీతలు లేవు. అందువల్ల చిరునామాను ముక్కలు చేసి ఇవ్వడానికి ఆండ్రాయిడ్‌లో సిద్ధంగా ఉన్న పరికరం దీనికి పనికిరాదు. ప్రతి మెసేజ్ యాప్ ఆ పనిని సొంతంగా చేసుకోవాలి. ఆండ్రాయిడ్ ఓపెన్ సోర్స్ మెసేజ్ యాప్ చేసేదేమిటంటే, ప్రశ్నార్థకం తర్వాత ఉన్నదంతా తీసుకుని, ఆంపర్సండ్ కనిపించిన చోటల్లా కోసి, ‘body=’తో మొదలయ్యే ముక్కను వెతుకుతుంది. ఉపాయం లింకులో మొదటి ముక్క ఖాళీ కాబట్టి దాన్ని వదిలేసి రెండోదాన్ని అందుకుంటుంది. ఐఫోన్‌కు కావాల్సిన ఆంపర్సండ్ ఎలాగూ ఉంది. రెండు పక్షాలూ ఎదుటివారి గుర్తును పట్టించుకోకపోవడం వల్ల పని నెగ్గుతోంది. 2013లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.4 నుంచి మెసేజ్‌లకు ఏ యాప్ వాడాలో ఫోన్ ఉన్నవారే ఎంచుకోవచ్చు. ఎంచుకున్న యాప్ మరోలా కోస్తే ఈ ఉపాయం అక్కడితో సరి. కాబట్టి దాన్ని వాడండి, కానీ దాని మీదే భారం వేయకండి.

కోసే పద్ధతిలోనే ఇంకో చిక్కు ఉంది. అశోక్‌నగర్‌లో ఒక మెస్‌కు ఆర్డర్ లింకు తయారుచేస్తూ మెసేజ్‌లో Tiffin & Meals అని పెట్టారనుకోండి. మెసేజ్ లోపలి ఆంపర్సండ్‌ను నియమం ప్రకారం %26గా మార్చి రాస్తారు. తయారుచేసినవారి తప్పేమీ లేదు. కానీ పైన చెప్పిన ఓపెన్ సోర్స్ యాప్ ముందు లింకు మొత్తాన్ని విప్పి, ఆ తర్వాత కోస్తుంది. విప్పగానే %26 మళ్లీ మామూలు ఆంపర్సండ్ అయిపోతుంది, కత్తి అక్కడే పడుతుంది. పెట్టెలో Tiffin ఒక్కటే మిగులుతుంది. మధ్యాహ్న భోజనం మాట మెస్‌కు చేరదు. అంతేకాదు, మిగిలిన ముక్కను ఆ యాప్ రెండోసారి కూడా విప్పుతుంది. దాంతో జాగ్రత్తగా %2Bగా రాసిన కూడిక గుర్తు మొదటిసారి కూడిక గుర్తుగా, రెండోసారి ఖాళీ స్థలంగా మారిపోతుంది. శాతం గుర్తు ఉంటే రెండో విడతలో తడబడుతుంది. ఇలాంటి లోపాన్ని పట్టుకునే దారి ఒకటే. పెట్టె తెరిచి, పడిన వాక్యం చివరిదాకా ఉందో లేదో చూడటం. మెసేజ్ అసలే రాకపోతే ఎవరైనా గమనిస్తారు. సగం వస్తే గమనించరు, సగం మెసేజే పంపేస్తారు. అందుకే లోపల పెట్టే మాటల్లో ఆంపర్సండ్, కూడిక, శాతం గుర్తులు లేకుండా చూసుకోవడమే మేలు. ‘అండ్’ అని రాస్తే పోయేదేమీ లేదు.

ఇప్పుడు 1900 దగ్గరికి తిరిగి వద్దాం. నంబర్ పోర్టబిలిటీ దేశమంతటికీ వచ్చింది 2011 జనవరి 20న. పద్ధతి ఈనాటికీ మెసేజ్‌తోనే మొదలవుతుంది. PORT అని రాసి, ఒక ఖాళీ వదిలి, మీ పది అంకెల నంబరు వేసి 1900కు పంపాలి. 2019 డిసెంబరు 16 నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం అర్హత ఉంటేనే కోడ్ వస్తుంది. తెలంగాణలో ఆ కోడ్‌కు నాలుగు రోజుల ఆయుష్షు. గోడ మీది లింకుకు చూసేవారి నంబరు ఎలా తెలుస్తుంది? తెలియదు. కాబట్టి అది PORT దాకా, దాని తర్వాతి ఖాళీ దాకా మాత్రమే నింపగలదు, మిగతా పది అంకెలు మనిషే కొట్టాలి. చివర పెట్టిన ఆ %20 చూడటానికి అల్పంగా ఉన్నా అదే ఇక్కడ కీలకం. ఏ క్యూఆర్ తయారీ సైటో, ఏ యాపో చివరి ఖాళీని అనవసరం అనుకుని తీసేస్తే, మనిషి కొట్టే నంబరు PORTకు అతుక్కుపోతుంది. కొన్ని సైట్లు ఖాళీకి బదులు కూడిక గుర్తు పెడతాయి. అది వెబ్ ఫారాలకు చెల్లే అలవాటు గానీ ఇక్కడి నియమం కాదు, కొన్ని ఫోన్లలో PORT పక్కన కూడిక గుర్తే కనిపిస్తుంది. ఇంకొకటి, పది అంకెల మామూలు నంబరుకు ముందు +91 పెట్టడం మంచిదే గానీ 1900 లాంటి పొట్టి నంబరుకు పెట్టకూడదు. అది ఇక్కడి నెట్‌వర్క్ లోపల చెల్లే నంబరు.

ఇదంతా సరిగ్గా పడినా సిమ్ సంగతి మిగిలే ఉంటుంది. పోర్ట్ మెసేజ్ ఏ నంబరు మారాలో ఆ నంబరు నుంచే వెళ్లాలి. జిల్లాల నుంచి వచ్చి స్టడీ హాళ్లలో చదువుకునే పిల్లల్లో రెండు సిమ్‌లు వాడేవారు తక్కువేం కాదు, ఇంటినుంచి తెచ్చుకున్నది ఒకటి, డేటా కోసం కొన్నది ఒకటి. లింకులో నంబరుకు చోటుంది, మెసేజ్‌కు చోటుంది, ఏ సిమ్ నుంచి పంపాలో చెప్పడానికి మాత్రం చోటే లేదు. ఆర్‌ఎఫ్‌సీ 5724లో అలాంటి ఏర్పాటు చేయలేదు. ఫోన్‌లో మెసేజ్‌లకు ఏది అలవాటు సిమ్‌గా పెట్టి ఉంటే అదే ముందుకొస్తుంది. పంపే బటన్ దగ్గర 1, 2 అని చిన్నగా కనిపించే అంకెను చూసి మార్చుకోవాలి. ఈ ఒక్క మాట పోస్టర్ మీద అచ్చులో ఉండాలి తప్ప, ఏ లింకూ చెప్పలేదు.

తెలుగులో మెసేజ్ నింపితే ఏమవుతుందన్నది ఇంకో ప్రశ్న. పడుతుంది. ఫోన్లన్నీ యూనికోడ్ చదువుతాయి. కానీ లింకు ఎంత పొడవవుతుందో ఒకసారి దగ్గరగా చూడండి. ‘సీటు’ అన్న మాటలో మన కంటికి అక్షరాలు రెండే. కంప్యూటర్‌కు నాలుగు: స, గుడిదీర్ఘం, ట, కొమ్ము. ఒక్కోదానికి మూడు బైట్లు, ఒక్కో బైటు లింకులో మూడు గుర్తులు.

```
%E0%B0%B8%E0%B1%80%E0%B0%9F%E0%B1%81
```

రెండక్షరాల మాటకు 36 గుర్తులు. ‘సీటు కావాలి’ అంటే 93. ఈ పొడవంతా క్యూఆర్‌లోకి వెళితే చుక్కలు చిన్నవై, కిక్కిరిసి, వానకు తడిసిన గోడకాగితం మీద కెమెరాకు అందవు. క్యూఆర్‌కు SMSTO అని మొదలయ్యే వేరే రూపం ఉంది, నంబరుకూ మెసేజ్‌కూ మధ్య రెండు చుక్కలు పెడతారు. అందులో ఈ శాతం గుర్తుల బెడద ఉండదు కాబట్టి అదే తెలుగు మాట మూడోవంతు చోటులో ఇముడుతుంది. కాకపోతే దాన్ని ముద్రించిన క్యూఆర్‌లోనే వాడాలి, నొక్కే లింకుగా కాదు. ఇక పంపేటప్పుడు ఇంగ్లిష్‌లో ఒక మెసేజ్‌కు 160 అక్షరాలు పడితే తెలుగులో 70 కోడ్‌లే పడతాయి. గుణింతం, పొల్లు, సున్నా అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. 70 దాటితే ఫోన్ దాన్ని 67 చొప్పున ముక్కలు చేసి పంపుతుంది, ప్రతి ముక్కకూ లెక్క వేరు. ‘సీటు కావాలి’ 11 కోడ్‌లే కాబట్టి హాయిగా పడుతుంది. నాలుగు వాక్యాల మర్యాదపూర్వకమైన అభ్యర్థన ముందే నింపి పెడితే మాత్రం పంపేవారి జేబుకే చిల్లు. తెలుగు వద్దని కాదు, తెలుగులో పొట్టిగా రాయమని.

ఇంత తలనొప్పి ఎందుకు, వాట్సాప్ లింకు ఇస్తే అయిపోతుంది కదా అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. వాట్సాప్ లింకు ఏ ఫోన్‌లోనైనా ఒకే రకంగా నిండుతుంది. కారణం స్పష్టం, అక్కడ నియమం రాసిందీ, చదివేదీ ఒకే కంపెనీ. మెస్‌కు, హాస్టల్‌కు, చేపల దుకాణానికి అదే సుఖం, అక్కడ ఎస్‌ఎంఎస్ కోసం పట్టుబట్టనక్కర్లేదు. కానీ 1900కు వాట్సాప్ చేయలేం. అనవసర కాల్స్ ఆపమని 1909కి పంపే మెసేజూ అంతే. ఈ పనులన్నిటికీ ఎస్‌ఎంఎసే కావడానికి కారణం, అది సిమ్ నుంచి బయల్దేరుతుంది. ఫలానా నంబరు ఫలానా ఫోన్‌లోనే ఉందని నెట్‌వర్క్ సాక్ష్యం చెప్పే మార్గం అది. డేటా అయిపోయినా వెళుతుంది. దానికి బదులు మరొకటి పెట్టలేని చోట్లు ఉన్నంతకాలం, దాని లింకు సరిగ్గా రాయడమూ అవసరమే.

ఆ సాక్ష్యం విలువ తెలియాలంటే యూపీఐ యాప్‌లను చూడాలి. 2016లో యూపీఐ వచ్చినప్పటి నుంచి, కొత్త ఫోన్‌లో యాప్ పెట్టుకుంటే మొదట జరిగేది ఒక మెసేజ్ పంపడం. ఆ ఫోన్‌లో ఆ సిమ్ ఉందని రుజువు చేయడానికి. ఆండ్రాయిడ్‌లో అనుమతి ఇస్తే యాపే చడీచప్పుడు లేకుండా పంపేస్తుంది. ఐఫోన్‌లో ఏ యాప్‌కూ ఆ అధికారం లేదు. అందుకని మెసేజ్ పెట్టె తెరుచుకుంటుంది, తెలియని నంబరు, అర్థం కాని అక్షరాల వరుస నిండి ఉంటాయి, పంపే బాణం మనమే నొక్కాలి. ఇక్కడ లింకు వాడరు, యాప్‌లు నేరుగా పెట్టెనే పిలుస్తాయి కాబట్టి గుర్తుల గొడవ ఉండదు. ఆ వరుసలో ఒక్క అక్షరం మార్చినా, వేరే సిమ్ నుంచి పంపినా నమోదు ఆగిపోతుంది. ఐఫోన్‌కు కొత్తగా మారినవారు ‘ఇదేదో మోసం’ అని ఆ మెసేజ్ చెరిపేసి, ఆ తర్వాత యాప్ రావట్లేదని బాధపడటం వింత కాదు.

వారి అనుమానంలోనూ అర్థముంది, ఈ విషయంలో గట్టి ఆక్షేపణ కూడా అదే. ముందే నింపిన మెసేజ్ మోసగాడి చేతిలో ఆయుధం కాదా? అవుతుంది. మోసగాడు తన ఫోన్‌లో యూపీఐ నమోదు మొదలుపెట్టి, అక్కడ వచ్చిన అక్షరాల వరుసను మన చేత పంపించుకుంటే, మన సిమ్ సాక్ష్యంతో అతని ఫోన్ నమోదయ్యే ప్రమాదం ఉంది. ‘ఈ మెసేజ్‌ను ఈ నంబరుకు ఫార్వర్డ్ చేయండి’ అంటూ సాగే మోసాల సారం ఇదే. ఆ అక్షరాలు లింకులో నింపి ఇస్తే పని ఇంకా సులువు. అయితే దీనికి జవాబు లింకులను నిషేధించడం కాదు. ఆర్‌ఎఫ్‌సీ 5724 రాసినవారు 2010లోనే భద్రత గురించి చెబుతూ, ఫోన్ ఉన్నవారికి తెలియకుండా మెసేజ్ పోకూడదన్నారు. లింకు పెట్టెను తెరుస్తుంది, పంపదు. ఆ పెట్టెకూ బాణానికీ మధ్య ఉన్న రెండు క్షణాలే రక్షణ. ఆ రెండు క్షణాల్లో చదవగలిగేది ఉంటేనే మనిషి చదువుతాడు. PORT అని ఉంటే ఏం పంపుతున్నాడో అతనికి తెలుస్తుంది. అర్థం కాని వరుస ఉండి, ఆ నిమిషంలో ఈ ఫోన్‌లో యూపీఐ నమోదు తానే మొదలుపెట్టి ఉండకపోతే, చెరిపేయాలి. పంపేసి ఉంటే వెంటనే బ్యాంకుకూ సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కీ ఫోన్ చేయాలి. పొట్టిగా, అర్థమయ్యేలా మెసేజ్ రాయాలనడానికి ఇది ఇంకో కారణం. మంచివారి లింకులన్నీ చదవదగ్గవిగా ఉంటే, చదవలేనిది ఇట్టే కంటికి ఆనుతుంది.

మరి మన చేపల మార్కెట్ పోస్టర్ ఎలా ఉండాలి? చదరం ఉండనివ్వండి, అచ్చుకిచ్చే ముందు ఒక ఐఫోన్‌లో, వేర్వేరు మెసేజ్ యాప్‌లున్న రెండు ఆండ్రాయిడ్ ఫోన్లలో స్కాన్ చేసి, PORT తర్వాత కర్సర్ ఒక అడుగు దూరంగా నిలబడిందో లేదో చూడండి. పెట్టె ఖాళీగా తెరుచుకున్నవారి కోసం, చదరం కిందే, చదరమంత పెద్ద అక్షరాల్లో ఈ ఒక్క వాక్యం అచ్చువేయించండి: ‘మారాల్సిన సిమ్ నుంచి PORT అని రాసి, ఒక ఖాళీ వదిలి, మీ పది అంకెల నంబరు వేసి 1900కు పంపండి.’ బటన్ ఫోన్ ఉన్నవారికి కూడా ఆ వాక్యంతో పని జరుగుతుంది.